మాలిక్యులర్ జెనెటిక్స్ పేపర్: అక్టోబర్ 27 నుంచి నవంబర్ 23 దాకా నీ రివిజన్ ప్లాన్

చెల్లీ,

నీ ఇంటర్నల్ పేపర్ చూశాను. థియరీలో 20కి 16, ప్రాబ్లమ్స్‌లో 20కి 5. లాక్ ఒపెరాన్ వ్యాసం బొమ్మలతో సహా చక్కగా రాసినదానివి, అదే ఒపెరాన్ మీద లెక్క వస్తే సగం పేజీ ఖాళీగా వదిలేశావు. నీకు సబ్జెక్టు రాకపోవడం కాదు. నువ్వు ప్రాబ్లమ్స్‌ని కూడా చదువుతున్నావు. నోట్స్‌లో చేసి పెట్టిన లెక్క చూడడం, ఆఁ తెలిసిందే అనుకోవడం, పేజీ తిప్పడం. గట్టు మీద కూర్చుని ఈత నేర్చుకున్నట్టుంది.

పరీక్ష నవంబర్ 24 సోమవారం, 70 మార్కులకి, 3 గంటలు. జిరాక్స్ షాపులో దొరికిన పాత పేపర్లు అయిదూ తిరగేశాను, ప్రతిదాంట్లోనూ 25 నుంచి 30 మార్కులకు లెక్కలే. కాబట్టి ఈ నాలుగు వారాలూ నీ టైములో మూడింట రెండు వంతులు వాటికే.

రోజూ

పొద్దున 6 నుంచి 7:30 ప్రాబ్లమ్స్. బుర్ర తాజాగా ఉన్నప్పుడే. రాత్రి భోజనం అయ్యాక గంటసేపు థియరీ, మళ్లీ అరగంట పొద్దుటి లెక్కలే ఇంకోసారి, తెల్లకాగితం మీద.

ఒక్కో లెక్కకీ 15 నిమిషాలు జవాబు ముట్టుకోకూడదు. ఫోన్‌లో టైమర్ పెట్టు. దారి దొరక్కపోతే జవాబులో మొదటి లైను మాత్రం చూసి, మూసేసి, అక్కడి నుంచి నువ్వే నడిపించు.

ఒక 100 పేజీల నోట్‌బుక్ కొను, అది తప్పుల పుస్తకం. ప్రతి తప్పుకీ ఒక లైను, పక్కన ఒక అక్షరం: ప్రశ్న సరిగ్గా చదవకపోతే 'ప్ర', కాన్సెప్ట్ రాకపోతే 'కా', కూడికలో పొరపాటైతే 'కూ'. నీ పేపర్ చూస్తే 'ప్ర'లే ఎక్కువ వస్తాయని నా అనుమానం.

మొదటి వారం (అక్టోబర్ 27 – నవంబర్ 2): సీక్వెన్సులు, చిన్న లెక్కలు

ఇక్కడ నీకు భయం లేదు కాబట్టి ఇక్కడే మొదలుపెట్టు. రోజుకి 6 లెక్కలు. టెంప్లేట్ ఇచ్చి ప్రోటీన్ అడుగుతారు:

```
3'-TACGGATTTACT-5'
```

దీని ఎంఆర్ఎన్ఏ 5'-AUGCCUAAAUGA-3'. అంటే మెథియోనిన్, ప్రోలిన్, లైసిన్, ఆపైన స్టాప్. సులువే. కానీ ఇచ్చినది కోడింగ్ స్ట్రాండా, టెంప్లేటా అని చూసుకోకుండా దిగితే మొత్తం పోతుంది. ఫస్ట్ సెమ్‌లో నాకు 10 మార్కులు అలాగే పోయాయి. పెన్ను పెట్టగానే ముందు 5', 3' రాయడం అలవాటు చేసుకో.

బుధవారం మెసెల్సన్–స్టాల్ (1958). బరువు నైట్రోజన్‌లోంచి తేలిక నైట్రోజన్‌కి మార్చాక మూడో తరంలో ఏముంటుందని అడిగితే గీసి చూడు: 8 అణువుల్లో 2 హైబ్రిడ్, 6 తేలిక. గురువారం రాండమ్ కోపాలిమర్: U, G 3:1 అయితే UUU వాటా 27/64, రెండు U ఒక G ఉన్న ఒక్కో కోడాన్ 9/64. శుక్రవారం పీసీఆర్, ఫ్రేమ్‌షిఫ్ట్. శనివారం తప్పుల పుస్తకం. ఆదివారం సెలవు, నిజంగా సెలవే.

రెండో వారం (నవంబర్ 3 – 9): లాక్ ఒపెరాన్

వారం మొత్తం ఇదొక్కటే, చివర్లో కొంచెం ట్రిప్ ఒపెరాన్. నువ్వు ఎక్కువ నష్టపోతున్నది ఇక్కడే. ఈ లెక్క చూడు:

I⁺ Oᶜ Z⁻ Y⁺ / I⁻ O⁺ Z⁺ Y⁻

నువ్వు దీన్ని చూడగానే Z ఉందా లేదా అని మొదలుపెడతావు. అలా కాదు. రెండు గీతలు గియ్యి, ఒక్కో డీఎన్ఏకి ఒకటి. మొదట I ఒక్కటే చూడు: ఎక్కడో ఒకచోట I⁺ ఉంది, అంటే రిప్రెసర్ తయారవుతుంది. అది ప్రోటీన్, కణమంతా తిరుగుతుంది, రెండో డీఎన్ఏ మీద కూడా కూర్చుంటుంది. తరవాత O. అది ఎటూ కదలదు, తన గీత మీద జన్యువులకే దాని పెత్తనం. పై గీతలో Oᶜ, రిప్రెసర్ పట్టదు, కాబట్టి Y ఎప్పుడూ తయారవుతుంది. కింది గీతలో O⁺, కాబట్టి Z లాక్టోజ్ ఉంటేనే. అంటే గెలాక్టోసిడేజ్ ఇండ్యూసిబుల్, పర్మియేజ్ కాన్‌స్టిట్యూటివ్. గ్లూకోజ్ మాట ప్రశ్నలో లేకపోతే లేదనే అనుకో.

సోమ, మంగళ వారాల్లో ఇలాంటివి రోజుకి 8. Iˢ ఉన్నవి గురువారానికి ఆపు. Iˢ రిప్రెసర్ లాక్టోజ్‌కి లొంగదు, పక్కన I⁺ ఉన్నా లాభం లేదు, కానీ Oᶜ ఎదురైతే దానికీ చేతులు కట్టేసినట్టే. ఈ ఒక్క వాక్యంతో సగం ప్రశ్నలు తేలిపోతాయి. బుధవారం కార్తీక పౌర్ణమి, గుడికి వెళ్లి దీపాలు పెట్టుకుని రా, ఆ రోజు రాత్రి చదువు లేదు. వారాంతానికి ట్రిప్ అటెన్యుయేషన్: ట్రిప్టోఫాన్ ఉంటే 3–4 లూప్, లేకపోతే 2–3. బొమ్మ పదిసార్లు గియ్యి, చాలు.

మూడో వారం (నవంబర్ 10 – 16): మ్యాపింగ్

త్రీ పాయింట్ క్రాస్‌లో నీకు అంకెలంటే కంగారు. నిజానికి ఇక్కడ దారి ఎప్పుడూ ఒకటే. ఎక్కువ సంఖ్యలో ఉన్న రెండూ పేరెంటల్స్. అన్నిటికన్నా తక్కువ ఉన్న రెండూ డబుల్ క్రాసోవర్స్. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి, ఏ జన్యువు తారుమారైందో అదే మధ్యలోది. తరవాతే లెక్క.

1000 పిల్లల్లో పేరెంటల్స్ 810, మొదటి సింగిల్స్ 100, రెండో సింగిల్స్ 84, డబుల్స్ 6 అనుకో. దూరాలు 10.6, 9.0. ఆ 6ని రెండు చోట్లా కలపాలి, నువ్వు ఇంటర్నల్‌లో కలపలేదు. రావాల్సిన డబుల్స్ 0.106 × 0.09 × 1000 = 9.54. కోయిన్సిడెన్స్ 6/9.54 = 0.63, ఇంటర్‌ఫియరెన్స్ 0.37.

గురువారం రిస్ట్రిక్షన్ మ్యాపులు. 10 కేబీ లీనియర్ ముక్కని ఎకో ఆర్-వన్ 3, 7గా కోస్తే, బామ్ హెచ్-వన్ 2, 8గా కోస్తే, రెండూ కలిపి 2, 3, 5 వస్తే సైట్లు చెరో చివరా ఉన్నట్టు. అదే 1, 2, 7 వస్తే రెండూ ఒకే చివర. ప్లాస్మిడ్ అని ఉంటే జాగ్రత్త, అక్కడ ఎన్ని సైట్లో అన్నే ముక్కలు.

హెచ్ఎఫ్ఆర్, కాంప్లిమెంటేషన్ ఒక్కో రోజు. టెట్రాడ్స్ వదిలెయ్. అయిదు పేపర్లలో ఒక్కసారే వచ్చింది, అదీ ఛాయిస్‌లో.

నాలుగో వారం (నవంబర్ 17 – 23)

సోమ, బుధ, శుక్రవారాల్లో ఒక్కో పాత పేపరు, మధ్యాహ్నం 2 నుంచి 5, రీడింగ్ రూమ్‌లో, ఫోన్ నా దగ్గర పెట్టి. మర్నాడు అందులో పోయిన లెక్కలు మాత్రమే. కొత్త చాప్టర్ ఒక్కటి కూడా ముట్టుకోవద్దు. పేపర్ రాసేటప్పుడు నువ్వు వ్యాసాలతో మొదలుపెట్టి గంటన్నర వాటికే తగలేస్తావు. ఈసారి లెక్కలు రెండోదిగా పెట్టుకో: వచ్చిన షార్ట్ ఆన్సర్లు అరగంట, తరవాత లెక్కలు గంటంపావు, మిగిలిందే వ్యాసాలకి. జవాబు తేలకపోయినా బొమ్మ, మొదటి మెట్టు రాసెయ్, మెట్టు మెట్టుకీ మార్కులుంటాయి.

శనివారం తప్పుల పుస్తకంలో 'ప్ర' ఉన్నవన్నీ మళ్లీ చెయ్యి. ఆదివారం సాయంత్రం మెస్ అయ్యాక ఆ పుస్తకం పట్టుకుని నా రూమ్‌కి రా. అందులోంచి మూడు లెక్కలు నేను అంకెలు మార్చి ఇస్తాను.