2024-25 అప్రైజల్ మీటింగ్: రికార్డింగ్ విని రాసుకున్న నోట్స్, నా ఫైల్ కోసం

మీటింగ్ 22 ఏప్రిల్ 2025, మంగళవారం, మధ్యాహ్నం షిఫ్ట్ మారాక, జడ్చర్ల ప్లాంట్ క్యూసీ ఆఫీస్ రూమ్‌లో. ఉన్నది ముగ్గురం: క్యూసీ మేనేజర్ సార్, నేను, హైదరాబాద్ ఆఫీస్ నుంచి టీమ్స్‌లో హెచ్‌ఆర్ మేడమ్. రికార్డింగ్ ఆన్ చేసింది మేడమే, మొదట్లోనే "రికార్డ్ అవుతోంది, ఇద్దరికీ ఓకేనా" అని అడిగారు, ఇద్దరం ఓకే అన్నాం. మొత్తం 47 నిమిషాలు. కింద బ్రాకెట్లో ఉన్నవి రికార్డింగ్ టైమ్, కోట్స్‌లో ఉన్నవి వాళ్ళు అన్న మాటలు ఉన్నవి ఉన్నట్టు, మిగతాది నా మాటల్లో. ఎవరేం "చేస్తా" అన్నారు, ఎవరేం "చూద్దాం" అన్నారు అనేది మాత్రం ఎక్కడా కలిపేయలేదు, ఆ తేడా కోసమే కూర్చుని మొత్తం రెండోసారి విన్నా.

ముందు రేటింగ్స్. స్కేల్ 5. గోల్స్ అయిదు, వెయిటేజ్ పోర్టల్‌లో ఉన్నదే సార్ చదివారు.

శాంపిల్ టెస్టింగ్ టైమ్‌కి రిలీజ్ చేయడం, 30 శాతం: నేను నాకు ఇచ్చుకున్నది 4, సార్ ఇచ్చింది 4. డేటా ఇంటిగ్రిటీ, డాక్యుమెంటేషన్, 25 శాతం: నాది 4, సార్‌ది 3. ఓఓఎస్, డీవియేషన్, కాపా క్లోజర్, 20 శాతం: నాది 4, సార్‌ది 3. స్టెబిలిటీ ప్రోగ్రామ్, 15 శాతం: నాది 5, సార్‌ది 4. కొత్త అనలిస్టుల ట్రైనింగ్, 10 శాతం: ఇద్దరిదీ 4.

వెయిటేజ్ వేస్తే సార్ రేటింగ్ 3.55, నా సెల్ఫ్ రేటింగ్ 4.15. సార్ మీటింగ్‌లో "మూడున్నర పైనే వస్తది, త్రీ పాయింట్ సిక్స్ అనుకో" అన్నారు (38:10). లెక్క ప్రకారం 3.55 కాబట్టి ఫైల్‌లో 3.55 అనే పెట్టుకుంటున్నా, 3.6 అని కాదు. ఇది ఫైనల్ కూడా కాదు. నార్మలైజేషన్ మీటింగ్ మే నెలలో ఉంటుందని, దాని తర్వాతే పోర్టల్‌లో ఫైనల్ కనపడుతుందని హెచ్‌ఆర్ మేడమ్ చెప్పారు (39:02). 3.5 దాటితే 4 కింద రౌండ్ అవుతుందా అని అడిగా, సార్ "అవుతుందనే అనుకుంటున్నా" అన్నారు, మేడమ్ "అది కమిటీ చూస్తుంది, నేను ఇప్పుడు చెప్పలేను" అన్నారు. కాబట్టి 4 వస్తుందని ఎవరూ మాట ఇవ్వలేదు.

రిలీజ్ గురించి పెద్దగా చర్చ లేదు. టార్గెట్ 95 శాతం, వచ్చింది 96.2 శాతం అని సారే చదివారు, మార్చి ఇయర్ ఎండ్ డిస్పాచ్ టైమ్‌లో రెండు హెచ్‌పీఎల్‌సీలు ఒకేసారి బ్రేక్‌డౌన్ అయినా బ్యాచ్‌లు ఆగలేదని ఆయనంతట ఆయనే అన్నారు (6:15). ట్రైనింగ్ కూడా అంతే, ముగ్గురు కొత్త పిల్లల్ని హెచ్‌పీఎల్‌సీ మీద క్వాలిఫై చేయించా, ముగ్గురూ ఇప్పుడు సొంతంగా సీక్వెన్స్ వేసుకుంటున్నారు.

ఎక్కువ టైమ్ పట్టింది డేటా ఇంటిగ్రిటీ దగ్గర, 11:20 నుంచి 24:50 వరకు. 3 ఎందుకు అంటే, ఇంటర్నల్ ఆడిట్‌లో వచ్చిన అబ్జర్వేషన్ ఒకటి. హెచ్‌పీఎల్‌సీ కాలమ్ యూసేజ్ లాగ్‌బుక్‌లో ఒక ఎంట్రీ అదే షిఫ్ట్‌లో కాకుండా మర్నాడు పొద్దున రాశారు, పక్కన లేట్ ఎంట్రీ అని సంతకం ఉంది కానీ కారణం లేదు. చేసిన పని చేసినప్పుడే రాయాలి, అది ఎంత ముఖ్యమో నాకు తెలుసు, పిల్లలకి నేను మొదటి రోజు చెప్పేదే అది, అందుకే ఈ మాట నా పేరు మీద ఉండటం నాకు ఒప్పుకోబుద్ధి కాలేదు. నేను చెప్పింది: ఆ రోజు నేను జనరల్ షిఫ్ట్, ఆ ఇంజెక్షన్లు నైట్ షిఫ్ట్‌లో పడ్డాయి, సాఫ్ట్‌వేర్ ఆడిట్ ట్రెయిల్‌లో యూజర్ ఐడీ, టైమ్ రెండూ ఉంటాయి, చూస్తే తెలిసిపోతుంది, నా సంతకం ఉన్నది రివ్యూయర్ కాలమ్‌లో. సార్ మొదట "గ్రూప్‌కి సీనియర్ నువ్వే కదమ్మా, బాధ్యత నీదే అవుతది" అన్నారు (15:40). నేను, రివ్యూలో పట్టుకుని లేట్ ఎంట్రీ అని రాయించింది నేనే సార్, అది తప్పు కింద వస్తే రేపు ఎవరూ రాయించరు అన్నా. ఆయన కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత అన్న మాట యథాతథంగా (18:05):

"సరే, లాగ్‌బుక్, ఆడిట్ ట్రెయిల్ రెండూ తెప్పించి నేనే చూస్తా. ఈ నెలాఖరులోపు చూస్తా. ఎంట్రీ నీది కాకపోతే ఆ 3ని 4 చేస్తా, అందులో ఏముంది."

ఇది షరతు ఉన్న మాట. ఎంట్రీ నాది కాదని తేలితేనే 4. తేలితే మొత్తం 3.55 నుంచి 3.80 అవుతుంది (25 శాతం మీద ఒక పాయింట్ అంటే 0.25). రేటింగ్ మార్చాలంటే నార్మలైజేషన్‌కి ముందే పోర్టల్‌లో మార్చాలని మేడమ్ గుర్తు చేశారు, సార్ "తెలుసు, ముందే చేస్తా" అన్నారు (18:50).

ఇదే చోట ఇంకొకటి. పోర్టల్‌లో సార్ ముందే టైప్ చేసిన కామెంట్‌లో డాక్యుమెంటేషన్ డిసిప్లిన్ మెరుగుపడాలి అని ఉంది. మీటింగ్‌లో మాత్రం "డాక్యుమెంటేషన్‌లో నీ మీద నాకు డౌట్ లేదు, ఎక్స్‌టర్నల్ ఆడిట్ అయితే నిన్నే ముందు కూర్చోబెడతా" అన్నారు (22:30). రెండూ రాసి పెడుతున్నా. కామెంట్ మారుస్తారా అని అడిగా, జవాబు సరిగ్గా వినపడలేదు, అప్పుడే ఆయన ఫోన్ మోగింది, రికార్డింగ్‌లో 23:10 నుంచి 23:35 వరకు మాటలు తెలియట్లేదు. కాబట్టి కామెంట్ మారుస్తానని ఆయన అన్నట్టు నేను ఎక్కడా రాయను, మళ్ళీ అడగాలి.

ఓఓఎస్ గోల్‌కి 3 రావడానికి కారణం, నా పేరు మీద ఉన్న ఏడు ఇన్వెస్టిగేషన్లలో రెండు మా ఎస్‌ఓపీలో ఉన్న 30 వర్కింగ్ డేస్ దాటాయి. ఒకటి కొత్త కాలమ్ రావడం లేట్ అయి ఆగింది, అది పర్చేజ్ వల్లే అని సార్ ఒప్పుకున్నారు (27:15). రెండోది మాన్యుఫాక్చరింగ్ నుంచి రిపోర్ట్ రాక ఆగింది. దానికి ఎక్స్‌టెన్షన్ ముందుగానే క్యూఏ దగ్గర అప్రూవ్ చేయించా అని చెప్పా, సార్ "ఎక్స్‌టెన్షన్ ఉన్నా లేట్ లేటే, దీంట్లో మార్చను" అన్నారు (29:00). సరే, ఇది క్లియర్‌గా చెప్పారు, 3 అలాగే ఉంటుంది. నేను ఒప్పుకోలేదని నా కామెంట్‌లో రెండు లైన్లు రాస్తానని చెప్పా, రాసుకోమన్నారు.

స్టెబిలిటీలో నేను 5 వేసుకున్నా, 4 ఇచ్చారు. 40 డిగ్రీలు, 75 శాతం హ్యుమిడిటీ చాంబర్ మార్చినప్పుడు శాంపిల్స్ అన్నీ ఒక్క పుల్ కూడా విండో దాటకుండా కొత్త చాంబర్‌కి ఎక్కించాం, అది బాగా చేశానన్నారు, కానీ "5 అంటే డిపార్ట్‌మెంట్ బయటకి కూడా కనపడాలి" అన్నారు (33:20). దీనికి నేను ఎదురు చెప్పలేదు.

ఇక వాళ్ళు చేస్తామన్నవి. మొదటిది పైన రాసిన లాగ్‌బుక్ సంగతి, సార్, ఏప్రిల్ 30 లోపు. రెండోది జీసీ-ఎమ్‌ఎస్ ట్రైనింగ్. 2018లో వాల్సార్టాన్‌లో నైట్రోసమైన్ బయటపడ్డప్పటి నుంచి ఆ టెస్టింగ్ ఎంత పెరిగిందో తెలిసిందే, మా ల్యాబ్‌లో అది చేసేవాళ్ళు ఇద్దరే, నన్ను వేయండి అని అడిగా. సార్ "జూన్ బ్యాచ్‌కి నీ పేరు పంపిస్తా, మే 9 లోపు పంపిస్తా" అన్నారు (35:45). పేరు పంపడం వరకే మాట, సీటు ట్రైనింగ్ వాళ్ళ చేతిలో ఉంటుందని కూడా అన్నారు. మూడోది నైట్ షిఫ్ట్ అలవెన్స్, డిసెంబర్, జనవరి రెండు నెలలది రాలేదు. హెచ్‌ఆర్ మేడమ్ "పేరోల్‌తో మాట్లాడి వారంలోపు మెయిల్ పెడతాను" అన్నారు (42:00), అంటే ఏప్రిల్ 29. మెయిల్ పెడతామన్నారు, డబ్బు ఎప్పుడు పడుతుందో చెప్పలేదు. నాలుగోది, "అక్టోబర్ మొదటి వారంలో మళ్ళీ కూర్చుందాం, ఇయర్ ఎండ్ వరకు ఆగి లాస్ట్‌లో చెప్పడం వద్దు" అన్నారు సార్ (44:30), తేదీ ఫిక్స్ చేయలేదు.

మాట ఇవ్వనివి కూడా రాసుకుంటున్నా, తర్వాత నేనే ఆశ పడి మాట ఇచ్చారని అనుకోకూడదు. ప్రమోషన్: "ఒక పొజిషన్ వస్తదేమో, వస్తే నీ పేరు గుర్తుంటది, చూద్దాం" (40:20). ఇంక్రిమెంట్: పర్సెంట్ ఎవరూ చెప్పలేదు. లెటర్లు జూలైలో అని మేడమ్ అన్నారు, "కిందటేటి కంటే తగ్గకపోవచ్చు" అన్నది సార్ అంచనా (41:10).

నేను చేస్తానన్నవి రెండు. కాలమ్ లాగ్‌బుక్ ఎస్‌ఓపీలో లేట్ ఎంట్రీకి కారణం రాసే కాలమ్ కలుపుతూ డ్రాఫ్ట్, మే 15 లోపు సార్‌కి. ఇంకా స్టెబిలిటీ పుల్ షెడ్యూల్ ఇంకొకరికి నేర్పించడం, జూన్ చివరికల్లా, ఎవరికి అనేది సార్ చెప్పాలి, ఇంకా చెప్పలేదు.

పోర్టల్‌లో అక్నాలెడ్జ్ బటన్ నొక్కితే ఒప్పుకున్నట్టా అని చివర్లో అడిగా. "మీటింగ్ జరిగింది అని మాత్రమే, రేటింగ్‌కి ఒప్పుకున్నట్టు కాదు, మీ కామెంట్ విడిగా ఉంటుంది" అని మేడమ్ చెప్పారు (45:50). దానికి లాస్ట్ డేట్ మే 2. లాగ్‌బుక్ సంగతి తేలడానికి ఏప్రిల్ 30 వరకు టైమ్ ఉంది కాబట్టి అప్పటివరకు నొక్కకుండా ఆగుతా, మే 1న సార్‌ని అడిగి, ఏం చెప్పినా నా కామెంట్‌తో సహా మే 2న సబ్మిట్ చేస్తా.

ఈ రోజు సాయంత్రం ఇద్దరికీ మెయిల్ పెట్టా, అందులో నాలుగు పాయింట్లు, వాటికి వాళ్ళు చెప్పిన గడువులు, లాగ్‌బుక్ షరతు సార్ అన్న మాటల్లోనే, కామెంట్ మారుస్తారా అన్న ప్రశ్న కూడా. ఏదైనా నేను తప్పుగా విన్నట్టయితే సరిదిద్దమని అడిగా. వాళ్ళ జవాబులు వచ్చినవి వచ్చినట్టు తేదీ వేసి ఈ నోట్ కిందే పెడతా, పైన రాసినది మాత్రం ఇక మార్చను.