బోర్డు సమావేశం నమూనా పత్రాలు: నోటీసు, ఎజెండా, మినిట్స్

కంపెనీ, అందులోని మనుషులు కల్పితం. గడువులు, సెక్షన్లు మాత్రం కంపెనీల చట్టం 2013, బోర్డు సమావేశాల నియమావళి అయిన సెక్రటేరియల్ స్టాండర్డ్ ఎస్ఎస్-1 ప్రకారం ఉన్నాయి.

నోటీసు

మామిడికొమ్మ ఫుడ్స్ ప్రైవేట్ లిమిటెడ్
రిజిస్టర్డ్ ఆఫీసు: అంబత్తూరు ఇండస్ట్రియల్ ఎస్టేట్, చెన్నై – 600 058

తేదీ: 11 ఆగస్టు 2025

డైరెక్టర్లు శ్రీ కె. వెంకటరమణ, శ్రీమతి పి. సుజాత, శ్రీ ఎం. శ్రీనివాసులు, శ్రీ జి. మస్తానయ్య, శ్రీమతి ఎస్. అనురాధ గార్లకు

అయ్యా / అమ్మా,

మన కంపెనీ డైరెక్టర్ల బోర్డు 27వ సమావేశం 22 ఆగస్టు 2025, శుక్రవారం ఉదయం 11.00 గంటలకు పై చిరునామాలోని ఆఫీసులో జరుగుతుంది. ఎజెండా, దాని వివరణలు జతచేశాం.

వీడియో ద్వారా పాల్గొనదలచినవారు 19వ తేదీ సాయంత్రం 5 గంటల్లోగా మెయిల్ ద్వారా తెలపగలరు. లింకు 21న పంపుతాం. హాజరు పిలిచినప్పుడు తమ పేరు, ఉన్న ఊరు, ఎజెండా అందిన సంగతి, గదిలో వేరెవరూ లేరన్న సంగతి చెప్పవలసి ఉంటుంది. రాలేనివారు సెలవు కోరుతూ ముందుగా రాయగలరు.

బోర్డు తరఫున,
సం/-
పి. సుజాత
మేనేజింగ్ డైరెక్టరు

*విద్యార్థులకు: సెక్షన్ 173(3) ప్రకారం కనీసం 7 రోజుల నోటీసు ఉండాలి. నోటీసు పంపిన రోజు, సమావేశం రోజు లెక్కలోకి రావు. ఈ నోటీసు మెయిల్‌లో వెళ్లింది, మధ్యలో 10 రోజులున్నాయి. పోస్టులోగానీ కొరియర్‌లోగానీ పంపితే మరో 2 రోజులు కలపాలి. చాలామంది తప్పేది ఇక్కడే. 15న పంపి, 22కి ఏడు రోజులయ్యాయనుకుంటారు. నిజానికి మధ్యలో ఉన్నవి ఆరే.*

ఎజెండా

1. కోరం, రానివారికి సెలవు
2. 16 మే 2025 నాటి 26వ సమావేశం మినిట్స్ నమోదు
3. 2024-25 ఆర్థిక నివేదికలు, బోర్డు నివేదిక ఆమోదం
4. ఏప్రిల్–జూన్ అమ్మకాలు, వాపసు వచ్చిన సరుకు
5. పౌచ్ ప్యాకింగ్ మెషిన్ కొనుగోలు, టర్మ్ లోన్
6. రెడ్‌హిల్స్ గోడౌన్ అద్దె
7. వార్షిక సర్వసభ్య సమావేశం తేదీ
8. అధ్యక్షుని అనుమతితో ఇతర విషయాలు

5వ అంశంపై వివరణ: రెండు కొటేషన్లు వచ్చాయి. ‘అ’ సరఫరాదారు ధర రూ.48 లక్షలు, ‘ఆ’ ధర రూ.52 లక్షలు, 18 శాతం జీఎస్టీ అదనం. ‘ఆ’ మెషిన్‌లో నూనె కారకుండా ఆపే నాజిల్ ఉంది, సర్వీసు మెకానిక్ అంబత్తూరులోనే ఉంటాడు. కొటేషన్ల నకళ్లు జతచేశాం.

6వ అంశంపై వివరణ: గోడౌన్ 4,000 చదరపు అడుగులు. అద్దె చదరపు అడుగుకు నెలకు రూ.22, అంటే నెలకు రూ.88,000. గడువు 1 సెప్టెంబరు 2025 నుంచి 11 నెలలు, మొత్తం రూ.9,68,000. అదే వీధిలోని మరో రెండు గోడౌన్ల అద్దెలు విచారించి ఈ ధర నిర్ణయించాం. యజమాని శ్రీ శ్రీనివాసులు గారి భార్య. సెక్షన్ 188 కింద ఇది సంబంధీకులతో ఒప్పందం అవుతుంది కాబట్టి బంధుత్వాన్ని ఎజెండాలోనే తెలుపుతున్నాం.

మినిట్స్

మామిడికొమ్మ ఫుడ్స్ ప్రైవేట్ లిమిటెడ్ డైరెక్టర్ల బోర్డు 27వ సమావేశం 22 ఆగస్టు 2025, శుక్రవారం రిజిస్టర్డ్ ఆఫీసులో జరిగింది. ప్రారంభం ఉదయం 11.05, ముగింపు మధ్యాహ్నం 1.10.

హాజరు: శ్రీ కె. వెంకటరమణ (అధ్యక్షులు), శ్రీమతి పి. సుజాత (మేనేజింగ్ డైరెక్టరు), శ్రీ ఎం. శ్రీనివాసులు, వీడియో ద్వారా నెల్లూరు నుంచి శ్రీ జి. మస్తానయ్య.
ఆహ్వానితులు: అకౌంట్స్ మేనేజరు శ్రీ ఆర్. సెల్వకుమార్ (3, 4, 5 అంశాలకు మాత్రమే).

1. ఐదుగురు డైరెక్టర్లలో నలుగురు హాజరయ్యారు. మూడో వంతు లేదా ఇద్దరు, ఏది ఎక్కువైతే అదే కోరం కాబట్టి, కోరం ఉన్నట్టు అధ్యక్షులు ప్రకటించారు. శ్రీమతి అనురాధ రాతపూర్వకంగా కోరిన సెలవును బోర్డు మంజూరు చేసింది.

2. అధ్యక్షులు సంతకం చేసిన 26వ సమావేశం మినిట్స్‌ను బోర్డు నమోదు చేసుకుంది.

3. అకౌంట్స్ మేనేజరు 31 మార్చి 2025 నాటి నివేదికలను బోర్డు ముందుంచారు. అమ్మకాలు రూ.6,42,18,000, పన్ను పోగా లాభం రూ.31,40,000.
తీర్మానం: “2024-25 ఆర్థిక నివేదికలను, బోర్డు నివేదికను ఆమోదించడమైనది. ఆర్థిక నివేదికలపై బోర్డు తరఫున సంతకం చేసి ఆడిటరుకు అందజేసేందుకు శ్రీ వెంకటరమణ, శ్రీమతి సుజాతలకు అధికారం ఇవ్వడమైనది.”

4. మూడు నెలల్లో 200 గ్రాముల ఆవకాయ పౌచ్‌లు 1,840 వాపసు వచ్చినట్టు మేనేజింగ్ డైరెక్టరు తెలిపారు. పాత మెషిన్ నాజిల్ నుంచి చివరి నూనె చుక్క పౌచ్ మూతి లోపలివైపు పడుతోందని, నూనె, కారం అంటిన చోట సీల్ పట్టక రవాణాలో ఊడిపోతోందని శ్రీ శ్రీనివాసులు వివరించారు. సీలింగ్ వేడి పెంచితే ఫిల్మ్ ముడతలు పడుతోందని కూడా చెప్పారు. కొత్త మెషిన్ వచ్చేవరకు ప్రతి అరగంటకు నాజిల్ తుడవాలని, గంటకు పది పౌచ్‌లు నొక్కి చూసి రిజిస్టరులో రాయాలని బోర్డు ఆదేశించింది. బాధ్యత: శ్రీ శ్రీనివాసులు.

5. రెండు కొటేషన్లను బోర్డు పరిశీలించింది. వాపసు సమస్యకు మూలం నాజిలే కాబట్టి ‘ఆ’ మెషిన్ తగినదని అధ్యక్షులు, శ్రీమతి సుజాత, శ్రీ శ్రీనివాసులు అభిప్రాయపడ్డారు. ‘అ’ మెషిన్‌కు అలాంటి నాజిల్ విడిగా బిగించుకోవచ్చేమో తేల్చకుండా రూ.4 లక్షలు ఎక్కువ పెట్టడం సరికాదంటూ శ్రీ మస్తానయ్య అసమ్మతి తెలిపారు. తీర్మానం మెజారిటీతో నెగ్గింది.
తీర్మానం: “‘ఆ’ సరఫరాదారు నుంచి రూ.52 లక్షలు, జీఎస్టీ రూ.9.36 లక్షలు, మొత్తం రూ.61.36 లక్షలకు మెషిన్ కొనడానికి, అందులో రూ.39 లక్షలు ఇండియన్ బ్యాంక్ నుంచి మెషిన్ హైపోథికేషన్‌పై టర్మ్ లోన్‌గా తీసుకోవడానికి ఆమోదించడమైనది. లోన్ పత్రాలపై సంతకం చేసేందుకు, మెషిన్‌పై బ్యాంకుకు తాకట్టు హక్కు, అంటే ఛార్జి, ఏర్పడిన 30 రోజుల్లోగా దాని నమోదుకు సీహెచ్‌జీ-1 ఫారం దాఖలు చేసేందుకు శ్రీమతి సుజాతకు అధికారం ఇవ్వడమైనది.”

*విద్యార్థులకు: ఎవరు ఎంతసేపు వాదించారు, ఎవరి గొంతు పెరిగింది అనేవి మినిట్స్‌లోకి రావు. అసమ్మతి తెలిపినవారి పేరు మాత్రం రాసితీరాలి, సెక్షన్ 118 అడుగుతుంది. ‘కొంత చర్చ తర్వాత ఆమోదించారు’ అని సరిపెడితే, రేపు లోన్ దగ్గర పేచీ వచ్చినప్పుడు మస్తానయ్య గారి మాటకు ఆధారం ఉండదు.*

6. శ్రీ శ్రీనివాసులు తన సంబంధాన్ని బోర్డుకు తెలిపి, ఈ అంశంపై చర్చలో, ఓటింగులో పాల్గొనలేదు. మిగతా ముగ్గురూ ఏకగ్రీవంగా ఆమోదించారు.
తీర్మానం: “ఎజెండా వివరణలోని షరతులపై రెడ్‌హిల్స్ గోడౌన్‌ను 11 నెలలకు అద్దెకు తీసుకోవడానికి సెక్షన్ 188 కింద ఆమోదించడమైనది. ఒప్పందాన్ని, డైరెక్టర్లకు సంబంధమున్న ఒప్పందాలు రాసే ఎంబీపీ-4 రిజిస్టరులో నమోదు చేయవలసిందిగా ఆదేశించడమైనది.”

7. వార్షిక సర్వసభ్య సమావేశాన్ని 26 సెప్టెంబరు 2025, శుక్రవారం ఉదయం 10.30కి రిజిస్టర్డ్ ఆఫీసులో జరపాలని నిర్ణయించారు. 21 పూర్తి రోజుల గడువు తప్పకుండా నోటీసులు 1 సెప్టెంబరున పంపాలి. బాధ్యత: శ్రీమతి సుజాత.

8. ఇతర విషయాలు లేవు. తదుపరి సమావేశం 28 నవంబరు 2025. అధ్యక్షులకు ధన్యవాదాలతో సమావేశం ముగిసింది.

ముసాయిదా డైరెక్టర్లకు పంపిన తేదీ: 1 సెప్టెంబరు 2025
మినిట్స్ పుస్తకంలో ఎక్కించిన తేదీ: 15 సెప్టెంబరు 2025

సం/-
కె. వెంకటరమణ
అధ్యక్షులు
చెన్నై, 18 సెప్టెంబరు 2025