మళ్ళీ రావచ్చా అని అడుగుదామని

మేడమ్, నమస్తే. ఈ మెయిల్ ఐడీ కొత్తది కాబట్టి ఎవరా అనుకుంటారేమో, రాత్రి సెటిల్‌మెంట్ రిపోర్టులు చూసేవాణ్ణి, మీ క్యాబిన్‌కి ఎదురుగా కిటికీ పక్క సీటు, మీ దగ్గర నాలుగేళ్లు చేసి రెండేళ్ల నాలుగు నెలల కిందట మానేసినవాణ్ణి. అడగాల్సింది ముందే అడిగేస్తాను. బిల్లింగ్ టీమ్‌లో గానీ, పక్కనున్న పేమెంట్స్ టీమ్‌లో గానీ ఖాళీ ఉంటే నన్ను మళ్ళీ తీసుకునే వీలుందా? ఇప్పుడు లేకపోయినా వచ్చే నాలుగైదు నెలల్లో వచ్చే సూచన ఉందా?

నాలుగు లైన్లలో రాసి పంపిద్దామనే కూర్చున్నాను. కానీ వెళ్ళిన తీరు నాకు గుర్తుంది, మీకూ గుర్తుండే ఉంటుంది, ఆ సంగతి ఎత్తకుండా ఖాళీ ఉందా అని అడగడం బాగుండదనిపించింది.

ఎందుకు మానేశానో ఆ రోజు మీకు నిజం చెప్పలేదు. హెచ్‌ఆర్ వాళ్ళ ఎగ్జిట్ ఫారంలో "మెరుగైన అవకాశం" అని రాశాను, మీరు రెండుసార్లు కూర్చోబెట్టి అడిగినా అదే చెప్పాను. అసలు విషయం ఆ ఏడు ప్రమోషన్ రాకపోవడం. వస్తుందని నాకు నేనే అనుకున్నాను, ఇంట్లో కూడా చెప్పేసుకున్నాను, లిస్టులో పేరు లేకపోయేసరికి తల కొట్టేసినట్టయింది. ఆ నెల్లోనే వచ్చిన మొదటి ఆఫర్‌కి సరే అన్నాను. మీతో ఒక్క మాట, "నాకెందుకు రాలేదు మేడమ్" అని అడిగుంటే సరిపోయేది, అదొక్కటీ అడగలేదు. అడిగుంటే మీరేం చెప్పేవారో ఇప్పుడు నాకు బాగానే తెలుసు, ఎందుకంటే ఇక్కడ లీడ్‌గా ఉండి నేనే ఇద్దరికి ఆ మాట చెప్పాల్సి వచ్చింది. పని బాగా చేస్తాడు కానీ ఏం చేశాడో ఎవరికీ తెలియనివ్వడు, అతను సెలవు పెడితే పని ఆగిపోతుంది, అలాంటివాణ్ణి పై లెవెల్‌కి ఎలా పంపుతాం?

దీనికి రుజువు నేను వెళ్ళిన మూడో రోజే మీకు దొరికింది. పార్టనర్లకి వెళ్ళే సెటిల్‌మెంట్ రిపోర్టు ఆగిపోయింది గుర్తుందా? ఆ స్క్రిప్టు సర్వీస్ అకౌంట్ కింద కాకుండా నా సొంత లాగిన్ కింద క్రాన్‌లో నడిచేది. మొదట్లో టెస్టింగ్ కోసం అలా పెట్టుకున్నాను, తర్వాత మారుద్దాంలే అనుకుంటూ మూడేళ్లు గడిపేశాను. హ్యాండోవర్ డాక్యుమెంట్‌లో దాని ఊసే లేదు. ఐటీ వాళ్ళు నా అకౌంట్ మూసేయగానే దాంతో పాటు జాబ్ కూడా ఆగింది, ఎర్రర్ మెయిల్ వెళ్ళేది నా మెయిల్‌బాక్స్‌కే కాబట్టి అదీ ఎవరికీ రాలేదు. ఆఖరి రోజు ఒక్కసారి `crontab -l` కొట్టి ఆ వచ్చింది కాపీ చేసి పెట్టినా పోయేది, అర నిమిషం పని.

ఇంకో సంగతి మీకు తెలుసో లేదో. ఆ రాత్రి నా పక్క సీటు కుర్రాడు నాకు ఫోన్ చేశాడు, పదకొండున్నర దాటింది, స్క్రీన్ మీద అతని పేరు చూస్తూనే ఉన్నాను, ఎత్తలేదు. మూడుసార్లు మోగింది. నేనిప్పుడు అక్కడ పనిచెయ్యట్లేదు కదా, నాకేం సంబంధం అనుకున్నాను, నిజం చెప్పాలంటే కాస్త సంతోషంగా కూడా ఉంది, నేను లేకపోతే ఎలా ఉంటుందో ఇప్పుడు తెలుస్తుందిలే అని. మర్నాడు మధ్యాహ్నం నేనే చేసి చెప్పాను, అప్పటికి అతను పాత ఫైళ్లన్నీ తిరగేసి సొంతంగా కనుక్కుని కొత్త అకౌంట్ కింద పెట్టేశాడు. "పర్లేదన్నా, దొరికింది" అన్నాడు. ఒక్క మాట తూలలేదు. తిట్టినా బాగుండేది.

సరే, అప్పటికీ ఇప్పటికీ ఏం మారిందో చెప్తాను.

ఇక్కడ చేరిన మూడో నెలలో ఒక పెద్ద దెబ్బ తగిలింది. కస్టమర్ డబ్బు కడతాడు, గేట్‌వే నుంచి జవాబు ఆలస్యమవుతుంది, మా కోడ్ టైమవుట్ అయి ఫెయిలైందనుకుని మళ్ళీ పంపుతుంది, కానీ మొదటిది అవతల పూర్తయిపోయి ఉంటుంది. ఒక సాయంత్రం 43 మందికి రెండేసిసార్లు డబ్బు కట్ అయింది. ఆ రీట్రై రాసింది నేనే. అందరికీ వెనక్కి వేయడం ఒక ఎత్తు, ఎవరికి రెండుసార్లు పడింది, ఎవరు నిజంగానే రెండు కొనుక్కున్నారు అని ఒక్కొక్కటీ చూసి తేల్చడం ఇంకో ఎత్తు, రెండు రోజులు నిద్రలేదు. ఇప్పుడైతే ప్రతి పేమెంట్‌కీ మొదటి ప్రయత్నానికి ముందే ఒక ఐడీ తయారవుతుంది, ఎన్నిసార్లు రీట్రై అయినా అదే ఐడీ వెళ్తుంది, మా టేబుల్‌లో దాని మీద యూనిక్ కన్‌స్ట్రెయింట్ ఉంటుంది, గేట్‌వే వైపు కూడా అదే కీ చూసి రెండోదాన్ని పక్కన పెడుతుంది. ఆ తర్వాత మళ్ళీ డబుల్ పోస్టింగ్ రాలేదు. ఇది రాస్తుంటే నవ్వొస్తోంది, ఎందుకంటే ఒక కోడ్ రివ్యూలో మీరు నాకు సరిగ్గా ఇదే రాశారు, "ఇదే రిక్వెస్ట్ రెండోసారి వస్తే ఏమవుతుంది?" అని. నేను "అలా రాదు మేడమ్" అని కామెంట్ మూసేశాను. వస్తుంది మేడమ్.

ఆ దెబ్బ తర్వాత రాయడం అలవాటైంది. డాక్యుమెంట్ అంటే పని అయ్యాక తీరుబడిగా రాసేది అనుకునేవాణ్ణి, ఇప్పుడు జాబ్ ప్రొడక్షన్‌కి వెళ్ళాలంటే అది ఏ అకౌంట్ కింద నడుస్తుంది, ఆగితే అలర్ట్ ఎవరికి వెళ్తుంది, మధ్యలో ఆగితే మళ్ళీ మొదట్నుంచి నడపొచ్చా లేదా, ఈ మూడూ రాసుంటేనే నేను ఓకే చెప్తాను. టీమ్‌లో ఆరుగురున్నారు, నేను రెండు వారాలు సెలవు పెడితే ఒక్క ఫోన్ కూడా రాలేదు. మొదట కొంచెం చిన్నబుచ్చుకున్నాను లెండి.

మారనివీ ఉన్నాయి. పదిమంది ముందు నిలబడి ప్రెజెంటేషన్ ఇవ్వమంటే ఇప్పటికీ గొంతు ఆరిపోతుంది. ఎస్టిమేట్ ఇప్పటికీ తక్కువే చెప్తాను, ఈ మధ్య నాకు నేనే తెలుసుకుని ఒకటిన్నర రెట్లు చేసి చెప్తున్నాను, అయినా ఒక్కోసారి చాలదు.

ఇక్కడెందుకు ఉండకూడదు అని మీరు అడుగుతారు, అడగాలి కూడా. గొడవలేం లేవు, నన్నెవరూ పొమ్మనలేదు. కంపెనీ పేమెంట్స్ పని తగ్గించుకుని వేరే ప్రొడక్ట్ వైపు వెళ్తోంది, నా రోజంతా మీటింగుల్లోనే పోతోంది, కోడ్ తెరిచి మూడు వారాలైంది. లీడ్ అనే పేరు కోసం వచ్చాను, అది దొరికాక తెలిసిందేమిటంటే నాకు ఇష్టమైంది ఆ లెక్కలు రెండు వైపులా సరిపోయేలా చెయ్యడం, ఎక్కడో ఒక్క పైసా తేడా వస్తే అది రౌండింగా, టైమ్‌జోన్ కటాఫా అని పట్టుకునేదాకా వదలకపోవడం. ఆ పని మీ దగ్గరే ఉంది. కాబట్టి లీడ్ పోస్టు నాకు అక్కర్లేదు. వెళ్ళేటప్పుడున్న లెవెల్‌లోనే తీసుకున్నా వస్తాను. జీతం ఇప్పుడు వస్తున్నదానికంటే కొంచెం తగ్గుతుందని తెలుసు, ఎంతవరకు తగ్గితే కుదురుతుందో ఇంట్లో కూర్చుని లెక్కేసుకున్నాను, ఆ మాట వచ్చినప్పుడు దాపరికం లేకుండా చెప్తాను.

ఒక్క షరతు మాత్రం ఉంది. రోజూ నైట్ షిఫ్ట్ ఇక చెయ్యలేను. మా పాప ఈ ఏడాది బడిలో చేరింది, మా ఆవిడకి వారంలో మూడు రాత్రులు డ్యూటీ ఉంటుంది. ఆన్‌కాల్ నెలకో వారం అంటే ఇబ్బంది లేదు, ఇక్కడా చేస్తున్నాను. రోజూ రాత్రంటే మాత్రం ముందే కాదనడం మంచిది, వచ్చాక గొణుగుతూ ఉండటం కంటే.

ఆ కుర్రాడే ఇప్పుడు టీమ్ లీడ్ అని విన్నాను. నేను వస్తే అతని కిందే పనిచెయ్యాలి. మొదట వినగానే గుటక పడలేదు, అబద్ధమెందుకు, అతనికి మొదటి క్వెరీ రాయడం నేర్పింది నేను. కానీ ఆ రాత్రి ఫోన్ సంగతి తలచుకుంటే ఆ కుర్చీకి అతనే తగినవాడనిపిస్తుంది. మీరు ఎవరితో మాట్లాడకపోయినా ముందు అతనితో మాట్లాడండి మేడమ్, అతను వద్దంటే నేను కారణం కూడా అడగను. మీకు అభ్యంతరం లేకపోతే అతనికి నేనే విడిగా రాస్తాను, కానీ మీకంటే ముందు అతన్ని అడిగి ఇబ్బంది పెట్టకూడదని ఆగాను.

ఇంటర్వ్యూలు మామూలుగా అందరికీ ఎలా ఉంటాయో అలాగే పెట్టండి, పాతవాణ్ణని దేన్నీ తీసెయ్యొద్దు. నేను తెలుసుకోవాల్సింది ఒకటుంది, రిలీవ్ చేసేటప్పుడు హెచ్‌ఆర్ రికార్డులో మళ్ళీ తీసుకోవచ్చనో తీసుకోకూడదనో ఏదో రాస్తారట, నా పేరు పక్కన ఏముందో వీలైతే చూసి చెప్పగలరా? తీసుకోకూడదని ఉంటే మిగతావన్నీ అనవసరం, మీ టైమూ వృథా. ఇక్కడ నోటీస్ పీరియడ్ రెండు నెలలు, తగ్గించమని అడగను, హ్యాండోవర్ సరిగ్గా చేసే వస్తాను, ఈసారి క్రాన్‌తో సహా. నేను వెతుకుతున్నట్టు ఇక్కడ ఇంకా ఎవరికీ తెలియదు, అందుకే రిఫరెన్స్ కోసం ఇప్పుడే వీళ్ళకి ఫోన్ వెళ్ళకుండా చూడండి.

కుదరదంటే కుదరదనే చెప్పండి, చూద్దాంలే అని మొహమాటపడొద్దు. రెజ్యూమె అటాచ్ చేశాను, నా కొత్త నంబర్ అందులో ఉంది. మామూలు రోజుల్లో సాయంత్రం ఏడు దాటాక, శని ఆదివారాలైతే ఎప్పుడైనా చెయ్యండి, ఎత్తుతాను.