చెకౌట్ ఆగిపోయిన ఘటనపై పోస్ట్‌మార్టమ్ రిపోర్ట్: 2025 ఆగస్టు 7, గురువారం

రాసింది: చెకౌట్ టీమ్ లీడ్, మాదాపూర్ ఆఫీస్
ఎవరి కోసం: ఇంజినీరింగ్, కస్టమర్ కేర్, కొంపల్లి గోడౌన్, అకౌంట్స్
ఆగిపోయిన సమయం: సాయంత్రం 6:04 నుంచి 7:28 వరకు, మొత్తం 84 నిమిషాలు

ఏం జరిగింది

మర్నాడు వరలక్ష్మీ వ్రతం. రాత్రి 9 లోపు ఆర్డర్ పెడితే పొద్దున పూజ వేళకు ముందే సామాను చేరేలా, డెలివరీ టైమ్ ఎంచుకునే సౌకర్యాన్ని ఆ సాయంత్రమే రిలీజ్ చేశాం. ఆ రిలీజ్‌తో పాత వెర్షన్ యాప్ వాడేవాళ్లకు డబ్బు కట్ అయింది, ఆర్డర్ పడలేదు. దాన్ని సరిచేద్దామని రోల్‌బ్యాక్ చేస్తే, అంటే పాత కోడ్‌కి వెనక్కి వెళ్తే, అందరికీ ఆగిపోయింది. 241 మంది కస్టమర్లు 318 పేమెంట్లు చేశారు. ఒక్కదానికీ మన దగ్గర ఆర్డర్ లేదు.

కస్టమర్ కేర్‌కి వచ్చిన కాల్స్ రికార్డింగులు విన్నాను. మల్కాజిగిరి నుంచి ఒకావిడ వాయనానికి జాకెట్ ముక్కలు, గాజులు, పసుపు కుంకుమ పొట్లాలు పెట్టుకున్నారు. యూపీఐలో 1,849 రూపాయలు కట్ అయ్యాక కూడా స్క్రీన్ మీద 'మీ ఆర్డర్ సిద్ధమవుతోంది' అని తిరుగుతూనే ఉంటే, పడలేదేమోనని మళ్లీ కట్టారు. ఆ తర్వాత ఇంకోసారి. 'డబ్బు సంగతి తర్వాత చూసుకుందాం బాబూ, ముందు రేపు పొద్దున సామాను వస్తుందా రాదా చెప్పండి' అని అడిగారు. మన దగ్గర జవాబు లేదు. ఈ రిపోర్టులో మిగతావన్నీ చదివేటప్పుడు ఆ ప్రశ్నను గుర్తుపెట్టుకోవాలని నా మనవి.

టైమ్‌లైన్

6:04 డేటాబేస్ మైగ్రేషన్, అంటే టేబుళ్ల నిర్మాణాన్ని మార్చే స్క్రిప్ట్, నడిచింది. `orders` టేబుల్‌లో `delivery_slot` అనే కొత్త కాలమ్ చేరింది. పాత ఆర్డర్లన్నిటికీ `ANY` అని నింపి, ఇక మీదట ఖాళీగా ఉండకూడదని `NOT NULL` పెట్టాం. ఇబ్బంది మొదలైంది ఇక్కడే.

6:12 కొత్త కోడ్ అన్ని సర్వర్లకూ చేరింది. ల్యాప్‌టాప్‌లో వెబ్‌సైట్ నుంచి ఒక టెస్ట్ ఆర్డర్ పెట్టాం, పడింది. 6:20కి గ్రూపులో 'రిలీజ్ అయిపోయింది' అని మెసేజ్ పెట్టాం.

6:31 కేర్‌కి మొదటి ఫిర్యాదు. బ్యాంకు సమస్య అనుకుని 'అయిదు రోజుల్లో డబ్బు వాటంతటవే వెనక్కి వస్తాయి' అని చెప్పారు. 6:50కల్లా ఇలాంటివి పదకొండు.

6:52 కేర్ సూపర్‌వైజర్‌కి అనుమానం వచ్చి, టికెట్ పెట్టి ఎదురుచూడకుండా నేరుగా ఆన్‌కాల్ ఇంజినీర్‌కి ఫోన్ చేశారు. ఆవిడ ఆ ఫోన్ చేయకపోతే 9 దాటాకే మనకు తెలిసేదేమో. మన అలర్ట్ ఒక్కటీ మోగలేదు.

7:03 ఆర్డర్ల గ్రాఫ్ సగానికి పైగా పడిపోయిందని చూసి రోల్‌బ్యాక్ నిర్ణయం తీసుకున్నాం. 7:09కి పూర్తయింది.

7:14 గ్రాఫ్ కోలుకోలేదు సరికదా, సున్నాకి వచ్చింది. ఆ నిమిషంలో రూములో ఉన్న టెన్షన్ అంతా ఇంతా కాదు. అప్పుడు గానీ, పేమెంట్ గేట్‌వే పంపే కబురు అందుకునే వెబ్‌హుక్ లాగ్స్ తెరవలేదు. ఒకే లైను వరసగా కనిపించింది:

```
ERROR: null value in column "delivery_slot" of relation "orders" violates not-null constraint
```

7:21 ఆ `NOT NULL` షరతు తీసేయడానికి ఈ కమాండ్ ఇచ్చాం:

```sql
ALTER TABLE orders ALTER COLUMN delivery_slot DROP NOT NULL;
```

క్షణంలో అయిపోవాల్సిన పని. కదల్లేదు. పైగా 'నా ఆర్డర్లు' పేజీ కూడా అందరికీ ఆగిపోయింది.

7:27 అకౌంట్స్ వాళ్ల రోజువారీ రిపోర్ట్ క్వెరీ 7 గంటల నుంచి అదే టేబుల్‌ను చదువుతోందని దొరికింది. దాన్ని ఆపాం. 7:28కి ఆర్డర్లు పడటం మొదలైంది.

8:50 గేట్‌వే నుంచి పేమెంట్ల లిస్ట్ తెచ్చుకుని, కస్టమర్లకు ఫోన్లు చేసి, 203 మందికి ఆర్డర్లు చేత్తో సృష్టించాం. మిగతా 38 మంది అప్పటికే బయట కొనుక్కున్నారు లేదా వద్దన్నారు.

ఎందుకు జరిగింది

రోల్‌బ్యాక్ గురించి ముందుగా చెప్పాలి, ఎందుకంటే మనలో చాలామంది దాన్ని గుడ్డిగా నమ్ముకున్నాం. వెనక్కి వెళ్లింది కోడ్ మాత్రమే. డేటాబేస్ ముందుకే ఉండిపోయింది. కొత్త కోడ్ ఉన్నప్పుడు కనీసం వెబ్‌సైటూ కొత్త యాపూ `delivery_slot` పంపుతున్నాయి. పాత కోడ్‌కి ఆ కాలమ్ ఉందనే తెలియదు కాబట్టి, రోల్‌బ్యాక్ తర్వాత ప్రతి ఆర్డరూ ఖాళీ విలువతోనే వెళ్లి తిరగ్గొట్టబడింది. పనిచేస్తున్నదాన్ని కూడా మనమే ఆపేశాం. ఈ మైగ్రేషన్‌ను రివ్యూలో ఓకే చేసింది నేను. 'పాత కోడ్ దీని మీద నడుస్తుందా' అని అప్పుడే అడిగి ఉండాల్సింది.

రెండోది పాతదే, చాలాకాలంగా దాగి ఉంది. పేమెంట్ పూర్తయ్యాక గేట్‌వే మన వెబ్‌హుక్‌కి కబురు పంపుతుంది, ఆర్డర్ అప్పుడే డేటాబేస్‌లో చేరుతుంది. మన కోడ్ ఎర్రర్ వచ్చినా దాన్ని లాగ్‌లో రాసేసి, గేట్‌వేకి మాత్రం `200 OK` అని జవాబిస్తోంది. దాంతో అంతా బాగుందనుకుని గేట్‌వే మళ్లీ ప్రయత్నించలేదు. అలర్ట్ సర్వర్ విఫలమైందని చెప్పే 5xx ఎర్రర్లనే లెక్కపెడుతుంది కాబట్టి అదీ మోగలేదు.

కేర్ చెప్పిన అయిదు రోజుల మాట ఇక్కడ వర్తించదు. డబ్బు కట్ అయినా వ్యాపారికి నిర్ధారణ అందనప్పుడు బ్యాంకు దానంతటదే తిప్పి పంపాలన్నది ఆ నియమం. ఇక్కడ పేమెంట్ సక్సెస్ అయింది, డబ్బు మన లెక్కలోకే వచ్చింది. మనం రిఫండ్ పెట్టకపోతే ఎవరూ పెట్టరు. కేర్ వాళ్ల తప్పు కాదిది. ఈ తేడా వాళ్లకు మనమెప్పుడూ చెప్పలేదు.

ఇక 7:21 నాటి ఆరు నిమిషాలు. మన డేటాబేస్ పోస్ట్‌గ్రెస్‌లో ఇలాంటి `ALTER TABLE`కి టేబుల్ మీద పూర్తి లాక్ కావాలి, అంటే అది నడిచేటప్పుడు ఇంకెవరూ ఆ టేబుల్‌ను చదవకూడదు, రాయకూడదు. ముందున్న క్వెరీ ముగిసేదాకా అది వేచి ఉంటుంది, దాని వెనక వచ్చినవన్నీ దాని వెనకే నిలబడతాయి. ఇరుకు గల్లీలో లారీ అడ్డంగా ఆగితే వెనక బైకులు కూడా ఆగినట్టు.

చేసినవి, చేయాల్సినవి

ఒకటికి రెండుసార్లు కట్టినవాళ్లవీ, వద్దన్నవాళ్లవీ కలిపి 115 పేమెంట్లకు ఆ రాత్రే రిఫండ్ పెట్టాం. 203 ఆర్డర్లను గోడౌన్ వాళ్లు రాత్రి షిఫ్ట్ పొడిగించి ప్యాక్ చేశారు. మల్కాజిగిరి పార్సిల్ శుక్రవారం పొద్దున 6:50కి చేరింది.

ఇక నుంచి కాలమ్ చేర్చడం ఒక రిలీజ్, `NOT NULL` పెట్టడం వేరే రిలీజ్. మధ్యలో కనీసం వారం ఉండాలి, ఆ వారంలో ఖాళీ విలువలు ఒక్కటీ రావడం లేదని చూశాకే రెండోది. మైగ్రేషన్ పెట్టాక పాత కోడ్‌తో, వాడకంలో ఉన్న పాత యాప్ వెర్షన్లతో మన టెస్ట్ సర్వర్లైన స్టేజింగ్‌లో ఆర్డర్ పెట్టి చూడటం రిలీజ్ చెక్‌లిస్ట్‌లో చేరింది. అయిదు సెకన్లలో లాక్ దొరక్కపోతే కమాండ్ ఆగిపోయేలా, ప్రతి మైగ్రేషన్ మొదటి లైను ఇది:

```sql
SET lock_timeout = '5s';
```

అకౌంట్స్ రిపోర్ట్‌ను ఆగస్టు 11న రీడ్ రెప్లికాకి, అంటే చదవడానికి మాత్రమే ఉండే డేటాబేస్ కాపీకి, మార్చాం. 'సక్సెస్ అయిన పేమెంట్లు, పడిన ఆర్డర్లు' రెండిటి మధ్య తేడా అయిదు నిమిషాల్లో మూడు దాటితే ఆన్‌కాల్‌కి ఫోన్ మోగే కొత్త అలర్ట్ అదే రోజు నుంచి నడుస్తోంది. కేర్‌కి ఆన్‌కాల్ నంబర్ ఇచ్చాం. డబ్బు కట్ అయి ఆర్డర్ పడని ఫిర్యాదులు గంటలో మూడొస్తే ఎవరి అనుమతీ అడగకుండా ఫోన్ చేయాలి. పండగ ముందు రెండు రోజులు చెకౌట్‌ను తాకే రిలీజ్ ఏదీ ఉండదు.

మిగిలింది వెబ్‌హుక్. ఎర్రర్ వస్తే `500` ఇవ్వాలి, కానీ గేట్‌వే అదే కబురు రెండోసారి పంపినప్పుడు రెండు ఆర్డర్లు పడకూడదు. ఒకే పేమెంట్ ఐడీ రెండుసార్లు చేరకుండా దాని మీద యూనిక్ కన్‌స్ట్రెయింట్ పెట్టాకే ఆ మార్పు వెళ్తుంది. గడువు ఆగస్టు 22, బాధ్యత నాది. అప్పటిదాకా చెకౌట్ టీమ్‌లో ఒకరు గంటకోసారి గేట్‌వే లిస్ట్‌ను మన ఆర్డర్లతో సరిచూస్తారు, రాత్రి 11 వరకు. డెలివరీ టైమ్ సౌకర్యం మళ్లీ రిలీజ్ అయ్యేది ఆ తర్వాతే.