టర్మ్ పేపర్‌కి వచ్చే బుధవారం దాకా టైమ్ కావాలి మేడమ్ – డెంగీ వచ్చింది

నమస్తే మేడమ్,

నేను ఫైనల్ ఇయర్ బీఏ ఎకనామిక్స్ హరితని, రోల్ నంబర్ 27. క్లాసు బయట మీరు మాతో తెలుగులోనే మాట్లాడతారు కదా అని తెలుగులోనే రాస్తున్నా, ఇంగ్లిష్‌లో మొదలుపెడితే స్కూల్లో రాసిన లీవ్ లెటర్‌లా వచ్చింది.

ఈ శుక్రవారం ఇవ్వాల్సిన టర్మ్ పేపర్‌కి వచ్చే బుధవారం సాయంత్రం దాకా టైమ్ ఇవ్వగలరా? పోయిన శనివారం జ్వరం మొదలైంది, వానలో తడిసినందుకేలే అని రెండు రోజులు డోలో వేసుకుంటూ పీజీలోనే పడుకున్నా. సోమవారం లేచి నిలబడలేకపోతే రూమ్మేట్ ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లింది. డెంగీ అన్నారు. ప్లేట్‌లెట్లు 58 వేలకి పడిపోయాయి, మదనపల్లె నుంచి అమ్మ రాత్రి బస్సెక్కి వచ్చేసింది. మూడు రోజులు సెలైన్ ఎక్కించి నిన్న సాయంత్రం ఇంటికి పంపారు. ఇప్పుడు జ్వరం లేదు గానీ అరగంట లాప్‌టాప్ ముందు కూర్చుంటే కళ్ల వెనక నొప్పి వస్తోంది, ఈ మెయిల్ కూడా రెండు విడతల్లో రాశా. డిశ్చార్జి కాగితం, ల్యాబ్ రిపోర్టు జత చేశాను.

పేపర్ అసలు మొదలుపెట్టలేదని అనుకోకండి మేడమ్. టాపిక్ మీరు ఒప్పుకున్నదే, టమాటా ధర పెరుగుదల, రిటైల్ ద్రవ్యోల్బణం. 2023 జూన్‌లో 4.87 శాతం ఉన్న ద్రవ్యోల్బణం జూలైలో 7.44కి ఎగబాకడం, 2012 బేస్ సూచీలో ఆహార పానీయాల వాటా 45.86 శాతం కావడం, ఇక్కడిదాకా రాసేశా. కోలార్ మార్కెట్ ధరల పట్టిక, గ్రాఫ్ కూడా అయిపోయాయి. ఆగింది మదనపల్లె దగ్గర. మార్కెట్ ధరలు రోజువారీవి, సూచీ నెలవారీది, అందుకని ధరలన్నిటికీ నెల సగటు తీయాలి, మధ్యలో యార్డు సెలవుల వల్ల ఖాళీలున్నాయి. ఆ ఖాళీల్లో సున్నా పెడితే సగటు తప్పుతుందని మీరే చెప్పారు కాబట్టి ఒక్కో తేదీ చూసి వదిలేస్తున్నా, ఆ పనే ఇప్పుడు చేయలేకపోతున్నా. అది అయితే రిగ్రెషన్, ముగింపు రెండు రోజుల పని. (మా ఊరి మార్కెట్టే నన్ను ఆపేసిందని అమ్మ ఒకటే నవ్వు.)

ఇప్పటిదాకా రాసిన పదకొండు పేజీలు కూడా పంపుతున్నా, పని ఎక్కడిదాకా వచ్చిందో మీకే తెలుస్తుంది. ఆలస్యానికి మార్కులు తగ్గించడం రూల్ అయితే తగ్గించండి మేడమ్, సగం పేపర్ ఇవ్వడం కంటే నాకు అదే నయం. బుధవారం కుదరదంటే సోమవారం ఉదయానికైనా ఇస్తాను, కాకపోతే అప్పుడు మదనపల్లె వదిలేసి కోలార్ ఒక్కదానితోనే చేయాలి, అలా చేయొచ్చో లేదో మీరే చెప్పండి.

హెచ్ఓడీ గారి సంతకం కావాలంటే రేపు క్లాసులో నా ఫ్రెండ్‌తో లెటర్ పంపిస్తాను. ఫోన్ అమ్మ దగ్గర ఉంటుంది, చేస్తే ఆవిడే ఎత్తుతుంది, మెయిల్ మాత్రం నేనే చూసుకుంటున్నా.

హరిత