పాత మినిట్స్ నుంచి తీర్మానాల రిజిస్టరు: సభ్యులకు కార్యదర్శి లేఖ

అమలాపురం,
15 జూన్ 2025

మన హౌసింగ్ సొసైటీ సభ్యులందరికీ,

నమస్కారం.

"పాత మినిట్స్ తిరగరాస్తున్నారట, నిజమేనా?" అని ఈమధ్య చాలామంది అడుగుతున్నారు. తిరగరాయడం లేదు. పాత పుస్తకాల్లో ఒక్క అక్షరం మార్చలేదు, ఒక్క కాగితం తీయలేదు. వాటిలో చెల్లాచెదురుగా ఉన్న తీర్మానాలను ఒకే పద్ధతిలో ఒక రిజిస్టరులోకి ఎక్కించాం. ఎందుకో చెప్పాల్సిన బాధ్యత నాది.

పోయిన వానాకాలంలో జరిగిన బోదె గొడవ అందరికీ గుర్తే. తూర్పు వరుసలో కొత్తగా స్థలం కొన్న ఒక సభ్యుడు ప్రహరీ మొదలుపెట్టారు. వెనకాల పాత పంట బోదె ఉంది. మన లేఅవుటు ఒకప్పుడు వరిచేను కదా. ఇప్పుడు సాగు లేకపోయినా, వాన పడితే మన వీధుల నీళ్లు ఆ బోదెలోంచే మురుగు కోడులో పడాలి. బోదె వెంబడి ఆరడుగులు వదలాలని ఎప్పుడో తీర్మానం చేశామని పెద్దలు చెప్పారు. "అయితే చూపించండి" అన్నారాయన. ఆ మాటలో తప్పేమీ లేదు, ఆయనకు స్థలం అమ్మినవారు ఈ సంగతి చెప్పలేదు. బీరువాలో పుస్తకాలన్నీ తిరగేసినా ఆ రోజు దొరకలేదు. గోడ లేచింది. తర్వాత అల్పపీడనం పట్టుకున్నప్పుడు మూడో వీధిలో మోకాల్లోతు నీళ్లు నిలిచాయి.

తీర్మానం చివరికి 1991 నాటి కమిటీ మినిట్స్‌లో దొరికింది. పైన వీధి లైట్ల ఖర్చు, కింద వాచ్‌మన్ జీతం. ఆ రెంటి మధ్య నంబరు లేకుండా ఒకే వాక్యం: "బోదె వెంబడి ఆరు అడుగులు వదలవలెను, అందరూ సమ్మతించిరి." కమిటీ అనుకుంటే సరిపోతుందా అన్న ప్రశ్న వచ్చింది. సబబైన ప్రశ్నే. ఆ ఏడాది సర్వసభ్య సమావేశం కూడా దాన్ని ఆమోదించిందని ఇంకో పుస్తకంలో తేలాక, ఆయనే గోడ వెనక్కి జరుపుకున్నారు. మొదటి రోజే చూపించగలిగి ఉంటే ఆయనకు ఆ ఖర్చు, మూడో వీధివాళ్లకు ఆ ముంపు తప్పేవి.

మన మినిట్స్ రాసినవారిని నేను తప్పుపట్టడం లేదు. జీతం లేకుండా, పెట్రోమాక్సు వెలుగులో కూర్చుని రాసినవారున్నారు. కానీ ఒకరు చర్చంతా రాశారు, ఒకరు నిర్ణయం ఒక్కటే రాశారు. కొందరు ప్రతి సమావేశానికీ 1 నుంచి నంబరు వేశారు, కొందరు అసలు వేయలేదు. అందువల్ల "తీర్మానం నం. 3" అంటే ఏ మూడో తెలియదు. పైగా 1996 నవంబరు తుపానులో పుస్తకాలు తడిసి కొన్ని పేజీల్లో సిరా అలుక్కుపోయింది.

కొత్త రిజిస్టరులో ప్రతి తీర్మానానికీ ఒకే రకం నంబరు ఉంటుంది. ఉదాహరణకు 1991-92/క/4 అంటే ఆ ఆర్థిక సంవత్సరంలో కమిటీ చేసిన నాలుగోది. 'క' బదులు 'స' ఉంటే సర్వసభ్య సమావేశానిది. పక్కనే తేదీ, తీర్మానం ఉన్నది ఉన్నట్టుగా, ప్రతిపాదించినవారు, బలపరిచినవారు, పాత పుస్తకంలో పేజీ ఉంటాయి. చివరి గడి నాకు అన్నిటికన్నా ముఖ్యం. ఆ తీర్మానాన్ని తర్వాత ఎప్పుడైనా మార్చారా, రద్దు చేశారా అన్నది అందులో ఉంటుంది. స్థలం బదిలీ రుసుం ఒకసారి పెంచి తర్వాత తగ్గించారు. మొదటిది ఒక్కటే చూసినవాళ్లు పెంచిన రేటే అడుగుతూ వచ్చారు. ఇకమీదట అలా జరగదు.

చదవడానికి వీలుకాని చోట "అక్షరాలు కనబడలేదు" అనే రాశాం, ఊహించి పూరించలేదు. ప్రతిపాదించినవారి పేరు లేని చోట గడి ఖాళీగానే ఉంది. రిజిస్టరుకూ పాత పుస్తకానికీ తేడా కనిపిస్తే పాత పుస్తకంలో ఉన్నదే చెల్లుతుంది. సంతకాలున్నది అందులోనే.

ప్రతి ఆదివారం ఉదయం 10 నుంచి 12 వరకు రెండూ ఆఫీసులో బల్ల మీద ఉంటాయి. వచ్చి పక్కపక్కన పెట్టి చూసుకోండి. ముఖ్యంగా 2000కు ముందు కమిటీల్లో పనిచేసిన పెద్దలు తప్పక రావాలని కోరుతున్నాను. తడిసిన పేజీల్లో ఏముందో మీకు గుర్తుండవచ్చు. అది రిజిస్టరులో కలపం, మీ సంతకంతో విడి కాగితంగా జతచేస్తాం. అభ్యంతరాలుంటే జూలై 15 లోగా రాసి ఇవ్వండి. వాటితో సహా రిజిస్టరును రాబోయే సర్వసభ్య సమావేశం ముందు పెడతాం. మీరు ఆమోదించాకే అధ్యక్షులు, నేను ప్రతి పేజీ మీద సంతకం చేస్తాం.

ఇట్లు,
మీ విధేయుడు,
కార్యదర్శి