చదివే ముందు కీని పరీక్షించండి: మోడల్ పేపర్ రివిజన్ గురించి

పదో తరగతి విద్యార్థులకు,

గ్రూపులో రెండు రోజులుగా తిరుగుతున్న మోడల్ పేపర్ కీ నేనూ చూశాను. లెక్కలు, భౌతికశాస్త్రం కలిపి పన్నెండు పేజీలు. ఎవరు తయారు చేశారో గానీ కష్టపడే చేశారు, చాలావరకు బాగానే ఉంది. కానీ అందులో తప్పులున్నాయి, ఒకటో రెండో కాదు. వాటి జాబితా నేనే ఇచ్చేస్తే పది నిమిషాల్లో పెన్నుతో దిద్దుకుని కూర్చుంటారు. రేపు ఇంకో కీ వస్తుంది, దాన్ని ఎవరు దిద్దుతారు? అందుకే కొన్ని చూపిస్తాను. మిగతావి మీరే పట్టుకోవాలి.

ముందుగా ఒక మాట. కీ పక్కన పెట్టుకుని పేపర్ చదవడం మొదలుపెడితే ఏ తప్పూ దొరకదు. అచ్చులో ఉన్న ప్రతి స్టెప్పూ చదువుతుంటే సరైనదిలాగే కనిపిస్తుంది, 'అవును కదా' అని తల ఊపుతూ వెళ్లిపోతాం. కాబట్టి ముందు పేపర్ మీరు చేయండి. సగం ప్రశ్నలే వచ్చినా పర్వాలేదు. మీ జవాబు కాగితం మీద ఉన్నాకే కీ తెరవండి.

ఇప్పుడు 14వ ప్రశ్న చూడండి. గంటకు 72 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్న కారు, బ్రేకులు వేశాక ఒకే రీతిలో వేగం తగ్గుతూ 5 సెకన్లలో ఆగింది. ఈ 5 సెకన్లలో ఎంత దూరం వెళ్లింది? కీలో ఇలా ఉంది:

s = (72 + 0)/2 × 5 = 180 మీ.

సూత్రం సరైనదే, గుణకారమూ సరైనదే. అందుకే ఎవరికీ అనుమానం రాలేదు. కానీ కాలం సెకన్లలో ఉంది, దూరం మీటర్లలో అడిగారు, వేగం మాత్రం గంటకు కిలోమీటర్లలోనే ఉండిపోయింది. 72ని 5/18తో గుణిస్తే సెకనుకు 20 మీటర్లు. అప్పుడు దూరం 10 × 5 = 50 మీటర్లు. యూనిట్లు రాసుకుంటూ చేసేవాళ్లకి ఇది మొదటి లైన్లోనే దొరుకుతుంది.

యూనిట్లు గమనించకపోయినా దీన్ని పట్టుకోవచ్చు. ఆ కారు అసలు బ్రేకే వేయకుండా అదే వేగంతో పోతే 5 సెకన్లలో ఎంత దూరం వెళ్తుంది? 20 × 5 = 100 మీటర్లు. బ్రేక్ వేసిన కారు వేయని కారుకంటే దూరం ఎలా వెళ్తుంది? 180 అన్న జవాబు చూడగానే ఈ ప్రశ్న తట్టాలి. జవాబు ఇంతకన్నా పెరగకూడదు, ఇంతకన్నా తగ్గకూడదు అని లెక్క చేయకముందే మనసులో ఒక అంచనా పెట్టుకోండి. సంభావ్యత 1 దాటకూడదు. సగటు ఎప్పుడూ దత్తాంశంలోని కనిష్ఠ, గరిష్ఠ విలువల మధ్యే ఉండాలి. sin θ విలువ 1 కంటే ఎక్కువ వస్తే అక్కడే ఆగిపోవాలి. కీలో 31వ ప్రశ్న జవాబును ఈ దృష్టితో ఒకసారి చూడండి, ఇంకేమీ చెప్పను.

సమీకరణాలకు వచ్చిన జవాబు వెనక్కి వేసి చూడటం తప్పనిసరి. 19వ ప్రశ్న √(x + 7) = x − 5. కీలో రెండు వైపులా వర్గం చేసి, x² − 11x + 18 = 0 తెచ్చి, x = 9, x = 2 అని రాసి కింద గీత గీశారు. ప్రతి స్టెప్పూ సరిగ్గానే ఉంది. ఇప్పుడు ఆ విలువలను మొదటి సమీకరణంలో వేయండి. x = 9 అయితే ఎడమవైపు √16, అంటే 4; కుడివైపు కూడా 4. సరిపోయింది. x = 2 అయితే ఎడమవైపు √9, అంటే 3; కుడివైపు −3. సరిపోలేదు. వర్గం చేసేటప్పుడు 3కీ −3కీ తేడా పోతుంది, ఆ సందులో లేని మూలం ఒకటి వచ్చి చేరుతుంది. జవాబు 9 ఒక్కటే. ఈ సరిచూడటానికి అర నిమిషం కూడా పట్టదు. అయినా అడిగితే తప్ప ఎవరూ చేయరు, అదేమిటో.

టైపింగ్ తప్పులు వేరే రకం. కాంతి వేగం 3 × 108 మీ/సె అని కీలో మూడు చోట్ల ఉంది. అది 3 × 10⁸. ఫైల్ ఒక ఫోన్ నుంచి ఇంకో ఫోన్‌కి, ఒక యాప్ నుంచి ఇంకో యాప్‌కి మారేటప్పుడు పైన ఉండాల్సిన ఘాతాంకం కిందికి దిగిపోతుంది. 2³ కాస్తా 23 అవుతుంది. మైనస్ గుర్తు, దశాంశ బిందువు ఏకంగా మాయమవుతాయి. ఇలాంటి చోట ఒక స్టెప్పు తప్పుగా కనిపించి, దాని తర్వాతి స్టెప్పు మాత్రం సరిగ్గా వస్తుంది. అంటే చేసినవారికి తెలుసు, అచ్చులోనే పోయింది. అదే తప్పు విలువ చివరి జవాబు దాకా నడిచి వస్తే అది టైపింగ్ తప్పు కాదు, లెక్కే తప్పు. ఈ రెండింటినీ వేరుచేసి చూడటం అలవాటు చేసుకోండి.

బిట్ల సంగతి. 'నాకు బిట్లలో సగానికి పైగా తప్పులు వచ్చాయి' అని ఇద్దరు ముగ్గురు నా దగ్గరికి వచ్చి టెన్షన్ పడ్డారు. వాళ్ల కాగితాలు చూస్తే 8వ బిట్ దాకా అన్నీ సరిగ్గా ఉన్నాయి, 9 నుంచి వరుసగా పోయాయి. అలా ఒక్కసారిగా మొదలై ఆగకుండా వచ్చే తప్పులు చూస్తే మిమ్మల్ని కాదు, కీని అనుమానించాలి. మీ 9వ జవాబును కీలోని 10తో, మీ 10వ జవాబును 11తో పోల్చి చూడండి. పేపర్లోంచి ఒక బిట్ తీసేశారు, కీలో మాత్రం ఆ నంబర్ అలాగే ఉంది. మధ్యలో ఒకటి రెండు బిట్లు పాత నంబర్లతోనే సరిపోయాయని మోసపోకండి. నాలుగు ఆప్షన్లు ఉన్నప్పుడు ఏ సంబంధం లేని కీతో పోల్చినా నాలుగింట ఒకటి ఊరికే సరిపోతుంది. ఏ సెట్‌కి ఏ కీ అనేది కూడా మొదటి పేజీలోనే చూసుకోండి.

'కింది వాటిలో సరికానిది ఏది' అనే బిట్లను విడిగా చూడండి. కీ తయారుచేసేవాళ్లు కూడా తొందరలో 'సరైనది' అని చదివేస్తారు.

ఇక నాకు బాగా నచ్చింది 26వ ప్రశ్న, ఎందుకంటే ఇందులో తప్పు కీది కాదు. లంబకోణ త్రిభుజంలో కర్ణం 10 సెం.మీ., లంబకోణ శీర్షం నుంచి కర్ణం మీదికి గీసిన లంబం 6 సెం.మీ., వైశాల్యం ఎంత? కీలో ½ × 10 × 6 = 30 చ.సెం.మీ. అని ఉంది. మీరందరూ అదే రాసి ఉంటారు. కానీ అలాంటి త్రిభుజమే లేదు. కర్ణాన్ని వ్యాసంగా తీసుకుని వృత్తం గీస్తే లంబకోణ శీర్షం ఆ వృత్తం మీదే పడుతుంది. వ్యాసార్థం 5. ఆ శీర్షం వ్యాసం నుంచి 5 సెం.మీ. కంటే దూరం పోలేదు, మరి 6 ఎక్కడి నుంచి వచ్చింది? బీజగణితంతోనూ చూడొచ్చు. మిగతా రెండు భుజాలు a, b అనుకుంటే a² + b² = 100, వైశాల్యం 30 కాబట్టి ab = 60. అప్పుడు (a − b)² = 100 − 120 = −20. ఒక వర్గం రుణ సంఖ్య అయింది! దత్తాంశం పొసగకపోతే ఏ సూత్రంలో వేసినా ఏదో ఒక జవాబు వస్తుంది, సూత్రం ఎదురు మాట్లాడదు. జ్యామితి ప్రశ్నలకు కనీసం ఒక చిత్తు బొమ్మ గీయమని నేను నస పెట్టేది ఇందుకే.

కొన్ని జవాబులు ఒకప్పుడు సరైనవే, ఇప్పుడు కావు. కిలోగ్రాముకు ఆధారం ప్లాటినం-ఇరిడియం స్తూపం అని కీలో ఉంది. 2019 మే 20 నుంచి కిలోగ్రామును ప్లాంక్ స్థిరాంకం ఆధారంగా నిర్వచిస్తున్నారు. 2006లో ప్లూటోని మరుగుజ్జు గ్రహాల్లో చేర్చినా గ్రహాలు తొమ్మిది అని రాసే పాత కీలు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. ఇలాంటివాటిని లెక్క చేసి పట్టుకోలేం, ఈ ఏడాది పాఠ్యపుస్తకం తెరిచి చూడాల్సిందే.

అలాగని తేడా కనిపించిన ప్రతిచోటా కీ తప్పని ఎగరకండి. 20 మీటర్ల ఎత్తు నుంచి వదిలిన బంతి నేలను తాకడానికి పట్టే కాలం g = 10 తీసుకుంటే 2 సెకన్లు, 9.8 తీసుకుంటే సుమారు 2.02 సెకన్లు. ప్రశ్నలో ఏ విలువ ఇచ్చారో చూడండి, గొడవ తీరిపోతుంది. 1/√2, √2/2 రెండూ ఒకటే. మీ జవాబుకీ కీకీ తేడా వస్తే ముందు ప్రశ్న మళ్లీ చదవండి. తర్వాత కొత్త కాగితం మీద, వీలైతే వేరే పద్ధతిలో మళ్లీ చేయండి. పాత కాగితం మీదే చూసుకుంటే కన్ను మళ్లీ అదే తప్పును దాటేస్తుంది. నిజం చెప్పాలంటే ఎక్కువసార్లు తప్పు మీదే అయి ఉంటుంది. అదీ లాభమే, పరీక్షకు ముందే దొరికింది.

'మా బెంచీలో నలుగురికీ అదే వచ్చింది సార్' అన్నది రుజువు కాదు. ఆ నలుగురూ ఒకే కీ చూసి నేర్చుకుని ఉండొచ్చు. నాకు కావలసింది కారణం: ఏ స్టెప్పులో, ఎందుకు తప్పు.

గురువారం మొదటి పీరియడ్‌కి ఒక్కొక్కరు ఒక కాగితం తేవాలి. ప్రశ్న నంబర్, కీ జవాబు, మీ జవాబు, తప్పు ఎక్కడుందో ఒక లైను. నేను పైన చెప్పేసినవి రాయొద్దు. ఏదైనా అనుమానంగా ఉండి తేలకపోతే పక్కన ప్రశ్నార్థకం పెట్టండి, తరగతిలో కలిసి చూద్దాం. అప్పటిదాకా కీలో తేడా వచ్చిన జవాబులను బట్టీ పట్టకండి. ఎవరికి వారు దిద్దేసి గ్రూపులో మళ్లీ పెట్టకండి కూడా. ఇప్పటికే రెండు రకాల కీలు తిరుగుతున్నాయి, ఏది ఏదో తెలియడం లేదు. దిద్దిన కీ శుక్రవారం నేనే తేదీ వేసి పెడతాను.

22వ ప్రశ్న గురించి చిన్న సూచన. అక్కడ చివరి జవాబు సరైనదే. స్టెప్పుల్లో మాత్రం ఒక తప్పు ఉంది, దాన్ని కప్పేస్తూ రెండు లైన్ల కింద ఇంకో తప్పు ఉంది. ఆ రెండూ దొరికినవాళ్లు కాగితం పైన పెద్ద అక్షరాలతో 22 అని రాయండి, ముందు వాటినే చూస్తాను.

మీ లెక్కల మాస్టారు